చార్టులో అక్టోబర్ అమ్మకం పద్దెనిమిది కోట్లు ఎలా అయింది?

*నేను బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాను. నెలవారీ అమ్మకాలతో ఎక్సెల్‌లో బార్ చార్టు వేస్తే పక్కన నిలువు గీత మీద 20,000,000 అనో, 20 మిలియన్లు అనో వస్తోంది. మా సేఠ్‌కు లక్షలు, కోట్లు తప్ప వేరే లెక్క ఎక్కదు. తెలిసినవాళ్లు చెబితే నంబర్ ఫార్మాట్‌లో `0.00,," Cr"` అని పెట్టాను. అక్టోబర్ బార్ మీద 18.62 Cr అని వచ్చింది. నిజానికి ఆ నెల అమ్మకం కోటీ 86 లక్షల 20 వేలు. "నాకు తెల్వకుండా పద్దెనిమిది కోట్ల మాల్ ఎవరమ్మిన్రమ్మా?" అని సేఠ్ అందరి ముందూ నవ్వారు. వచ్చే వారం ఈ చార్టులే బ్యాంకుకు ఇవ్వాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది. సరిగ్గా లక్షల్లో, కోట్లలో చూపించేదెలా?*

*— ఒక పాఠకురాలు, హైదరాబాద్*

మీ సేఠ్ నవ్వి ఊరుకున్నారు, మంచిదే. ఆ చార్టు అలాగే బ్యాంకుకు వెళ్లి ఉంటే నవ్వేవాళ్లు ఉండేవారు కాదు. మీకు ఆ ఫార్మాట్ చెప్పినవాళ్లు కామా అంటే ఏమిటో పొరబడ్డారు. ముందు ఆ కామా సంగతి చూద్దాం. అది అర్థమైతే మిగతాదంతా మీరే సరిచేసుకోగలరు.

నంబర్ ఫార్మాట్‌లో అంకెల తర్వాత, చివర పెట్టే కామాకు ఎక్సెల్ దగ్గర ఒకటే అర్థం: వెయ్యితో భాగించు. ఒక కామా పెడితే వెయ్యితో, రెండు పెడితే పది లక్షలతో, మూడు పెడితే వంద కోట్లతో భాగిస్తుంది. లక్షకు గానీ కోటికి గానీ అందులో చోటు లేదు. మీరు రెండు కామాలు పెట్టారు కాబట్టి 1,86,20,000ను పది లక్షలతో భాగించి 18.62 అని చూపించింది. ఆ 18.62 మిలియన్లు. అంతవరకు ఎక్సెల్ లెక్క తప్పు కాదు. పక్కన ఉన్న Cr మాత్రం కొటేషన్ గుర్తుల మధ్య మీరు రాసిన మాట, అంతే. అక్కడ Cr అన్నా, కిలోలు అన్నా, బస్తాలు అన్నా ఎక్సెల్ మారు మాట్లాడకుండా అచ్చు వేస్తుంది. అంకె మిలియన్లలో, పేరు కోట్లలో ఉండేసరికి పది రెట్లు తేడా వచ్చింది. ఒకే కామాతో `0.00," L"` అని పెట్టి ఉంటే 18620.00 L అని వచ్చేది. అప్పుడు తేడా వంద రెట్లు.

ఇంకో అపోహ కూడా ఉంటుంది. కంప్యూటర్‌లో కామాలు మన పద్ధతిలో 1,86,20,000 అని పడేలా సెట్టింగ్ మార్చుకుంటే, ఫార్మాట్ చివరి కామా కూడా లక్షల్లోకి మారుతుందని కొందరు అనుకుంటారు. మారదు. అంకెల మధ్య కనిపించే కామా వేరు, భాగహారం చేసే కామా వేరు. మొదటిది విండోస్ మాట వింటుంది, రెండోది ఎవరి మాటా వినదు.

ఇక మీ పని. నిలువు గీతను లక్షల్లో చూపించడానికి ఫార్మాట్ కోడ్‌తో తంటాలు పడక్కర్లేదు, ఎక్సెల్‌లోనే దానికి ఒక సదుపాయం ఉంది. అది కళ్లెదుటే ఉంటుంది గానీ లక్ష అనే పేరుతో ఉండదు కాబట్టి చాలామంది దాటేస్తారు. చార్టులో నిలువు గీత పక్కన ఉన్న అంకెల మీద కుడి క్లిక్ చేసి Format Axis తెరవండి. Axis Options కింద Display units అనే పెట్టె కనిపిస్తుంది, అందులో None అని ఉంటుంది. దాన్ని తెరిస్తే Hundreds, Thousands తర్వాత 10000, 100000 అని ఉంటాయి. ఆ తర్వాత Millions, దాని కింద 10000000, 100000000, ఆ పైన Billions, Trillions. వెయ్యికీ మిలియన్‌కూ పేర్లు పెట్టి, మన లక్షనూ కోటినీ ఒట్టి సున్నాలుగా వదిలేశారు. అయినా పని చేస్తాయి. 100000 అంటే లక్ష, 10000000 అంటే కోటి.

అక్కడ సున్నాలు లెక్కపెట్టుకోండి. లక్షకు ఐదు, కోటికి ఏడు. పక్కపక్కనే పది వేలు, లక్ష ఉంటాయి. కోటి, పది కోట్లు ఉంటాయి. చూపు కాస్త జారితే చాలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీ మీటింగ్‌కు చార్టులు చేస్తూ కోటి బదులు దాని కింది గడి ఎంచుకున్నాను. 42 కోట్ల ఆర్డర్లు గోడ మీద తెర నిండా 4.2 కోట్లుగా కనిపించాయి. అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ రోజు నుంచి ఆ పెట్టె తెరిచిన ప్రతిసారీ సున్నాల మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాను.

మీ చార్టులో 100000 ఎంచుకోగానే 20,000,000 ఉన్న చోట 200 వస్తుంది. కిందికి 180, 160 అంటూ సున్నా వరకు దిగుతుంది. గీత పక్కనే నిలువుగా x 100000 అని ఒక చిన్న లేబుల్ కూడా వస్తుంది. దాన్ని చాలామంది అసహ్యంగా ఉందని డిలీట్ చేసేస్తారు. డిలీట్ చేయకండి. దాని మీద ఒకసారి క్లిక్ చేసి, మళ్లీ క్లిక్ చేస్తే లోపలి మాట మార్చొచ్చు. "రూ. లక్షల్లో" అని తెలుగులోనే టైప్ చేయండి. అది అక్కడ వద్దనుకుంటే Show display units label on chart అన్న చోట టిక్ తీసేసి, చార్టు పైన శీర్షికలో "అమ్మకాలు, రూ. లక్షల్లో" అని రాయండి. రెండిట్లో ఒకటైనా లేకపోతే గీత మీద 200 అని మాత్రమే ఉంటుంది. అది లక్షలో, వేలో, బిల్లుల సంఖ్యో చూసేవాళ్లకు తెలిసే దారి ఉండదు.

అంకెలు 200.00, 180.00 అని వస్తే కంగారు పడకండి. మీ సెల్స్‌లో పైసలతో సహా చూపించే ఫార్మాట్ ఉంది కాబట్టి గీత దాన్నే అనుకరిస్తోంది. Format Axis లోనే కిందికి దిగితే Number అనే భాగం ఉంటుంది. అక్కడ Format Code లో `0` అని టైప్ చేసి, పక్కనున్న Add నొక్కండి. ఈ Add అందరూ మరిచిపోయేది. టైప్ చేసి ఊరికే పక్కకు వస్తే ఏమీ జరగదు, ఎక్సెల్ చెడిపోయిందని అనుకుంటారు. కోడ్ చేరాక Linked to source దగ్గర టిక్ లేదని ఒకసారి చూడండి. అది ఉంటే మీరు రేపు సెల్స్ ఫార్మాట్ మార్చినప్పుడు గీత కూడా చెప్పకుండా మారిపోతుంది.

గీతల మధ్య ఎడం మార్చాలన్నా అదే పలకలోనే. 20, 40, 60 బదులు 50, 100, 150, 200 ఉంటే మీ చార్టు చదవడం తేలిక. Units కింద Major అనే పెట్టెలో రాయాలి. అక్కడ 50 అని రాస్తే మాత్రం తప్పు. Display units చూపించే పద్ధతిని మారుస్తుందే గానీ అసలు విలువలు రూపాయల్లోనే ఉంటాయి. కాబట్టి Major లో 5000000 రాయాలి, Maximum లో 20000000. Major లో 50 అంటే యాభై రూపాయలకు ఒక గీత, అంటే రెండు కోట్ల ఎత్తులో నాలుగు లక్షల గీతలు గీయమని అడగడం.

లక్షలా, కోట్లా అన్నది మీరు అడగలేదు గానీ, ముందు తేల్చుకోవాల్సింది అదే. మీ నెలలన్నిట్లో చిన్నది జూన్ అనుకుందాం, 54,60,000. పెద్దది ధనత్రయోదశి అమ్మకాలున్న అక్టోబర్. లక్షల్లో ఇవి 54.6, 186.2 అవుతాయి. కోట్లలో అయితే 0.55, 1.86. దుకాణంలో ఎవరూ "సున్నా పాయింట్ యాభై ఐదు కోట్లు" అనరు. యాభై నాలుగున్నర లక్షలు అంటారు. చాలా నెలలు కోటి లోపే ఉన్నప్పుడు లక్షలే మేలు. ఏడాది మొత్తం అమ్మకాలను నాలుగైదేళ్లకు పక్కపక్కన పెట్టే చార్టు అయితే అప్పుడు కోట్లు. బ్యాంకుకు ఇచ్చే కాగితాల్లో మిగతా పట్టికలన్నీ లక్షల్లో ఉంటే చార్టును కూడా లక్షల్లోనే ఉంచండి. కంపెనీల చట్టం, 2013 లోని షెడ్యూల్ 3 లెక్కలను ఏ యూనిట్లలో సవరించి చూపించాలో చెబుతుంది. మొత్తం ఆదాయం 100 కోట్ల లోపు ఉన్న కంపెనీలకు వందలు, వేలు, లక్షలు, మిలియన్లు. 100 కోట్లు, ఆ పైన ఉన్నవాటికి లక్షలు, మిలియన్లు, కోట్లు. ఒక యూనిట్ పట్టుకుంటే ఆర్థిక నివేదికలన్నిట్లో అదే వాడాలని కూడా అందులోనే ఉంది. మీ దుకాణం కంపెనీ కాకపోతే ఆ నిబంధన మీకు వర్తించదు. కానీ ఒక పేజీలో లక్షలు, మరో పేజీలో కోట్లు చూసి తికమకపడే బ్యాంకు మేనేజర్ కంపెనీల లెక్కలు చూసి వచ్చినవాడేనని గుర్తుంచుకోండి.

ఇప్పుడు బార్ల మీద అంకెలు. మీ అసలు చిక్కు వచ్చింది ఇక్కడే. Display units లో లక్ష పెట్టాక బార్ల మీది డేటా లేబుల్స్ కూడా దాన్ని అనుసరించి లక్షల్లోకే వస్తాయి. అక్టోబర్ మీద 186.2 కనిపించాలంటే లేబుల్ ఫార్మాట్‌లో `0.0` చాలు. అందులో మీరు పాత `,," Cr"` కోడ్‌ను వదిలేసి ఉంటే భాగహారం రెండుసార్లు జరిగి, బార్ల మీద అన్నీ 0.00 Cr అయిపోతాయి. ఒక్కోసారి ఇదే చార్టు వేసిన పట్టికలో కూడా ఎవరో లక్షతో భాగించి ఉంటారు. అప్పుడూ అంతే, బార్లు సరిగ్గా ఉంటాయి, అంకెలు సున్నాలవుతాయి. బార్లు బాగుండి అంకెలు మాత్రం సున్నాలైతే, ఎక్కడో ఒక చోట ఎక్కువ భాగించారని అర్థం. భాగించడం ఒక్క చోటే జరగాలి: పట్టికలోనో, Display units లోనో, ఫార్మాట్ కోడ్‌లోనో.

ఫార్మాట్ కోడ్‌తోనే లక్షలు రప్పించే ఉపాయం ఒకటుంది, మీకు చెప్పినవాళ్లు దీన్నే సగం విని ఉంటారనిపిస్తోంది.

```
0\.00," ల"
```

అక్టోబర్ అంకెతో దీన్ని నడిపి చూద్దాం. 1,86,20,000లో చివరి కామా మూడు అంకెలు కోసేస్తుంది, 18620 మిగులుతుంది. ఇప్పుడు `\.` చూడండి. ఆ వెనక్కి వాలిన గీత వల్ల చుక్క దశాంశ బిందువు పని మానేసి, ఒట్టి బొమ్మ చుక్క అవుతుంది. 18620ని చివరి రెండు అంకెల ముందు బొమ్మ చుక్క పెట్టి రాస్తే 186.20. కామా మూడు, చుక్క వెనక రెండు, మొత్తం ఐదు స్థానాలు. లక్షకు కావాల్సినవి అవే. ఎక్సెల్‌కు లక్ష అంటే తెలియకుండానే లక్ష రాయించాం. నష్టం వచ్చిన నెల ఉన్నా ఇబ్బంది లేదు, -2,40,000 అయితే -2.40 ల అని వస్తుంది.

కోటికి ఇదే కిటుకు `0\.0,," కో"` అవుతుంది. రెండు కామాలు ఆరు అంకెలు, చుక్క వెనక ఒకటి, మొత్తం ఏడు. ఇక్కడే దీని లోపం కూడా ఉంది: రెండు కామాలు పెట్టినప్పుడు చుక్క వెనక ఒక్క అంకె కన్నా ఎక్కువ ఉండటానికి వీల్లేదు. అక్టోబర్ 18.62 కాస్తా 19 అయి, 1.9 కో అని వస్తుంది. దాదాపు నాలుగు లక్షలు గాల్లోంచి వచ్చాయి. సేఠ్ మళ్లీ నవ్వుతారు. నిలువు గీత మీద ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. పాతిక లక్షలకో గీత పెడితే కింది నుంచి పైకి 0.0, 0.3, 0.5, 0.8, 1.0 అని పడుతుంది. గీతల ఎడం సమానంగా ఉంది, అంకెల ఎడం ఒకసారి మూడు, ఒకసారి రెండు. ఎవరి చార్టులోనైనా ఇలా కుంటుతున్న గీత కనిపిస్తే లోపల ఈ కోడ్ ఉందేమో చూడండి. Display units లో 10000000 పెట్టి ఫార్మాట్ `0.00` ఇస్తే ఈ బాధ లేదు, 0.25, 0.50, 0.75 అని సరిగ్గా వస్తుంది. అందుకే గీతకు Display units అన్నాను.

శాతం గుర్తుతో మరో గారడీ ఉంది. `0.00,,,%` అని పెడితే మూడు కామాలు వంద కోట్లతో భాగిస్తాయి, శాతం గుర్తు వందతో గుణిస్తుంది, మొత్తం మీద కోటితో భాగించినట్టు 1.86% అని వస్తుంది. ఆ % కనబడకుండా ఫార్మాట్‌లోనే Ctrl+J కొట్టి రెండో వరుసలోకి నెట్టి, సెల్ ఎత్తు తగ్గించి దాచేస్తారు. సెల్‌లో దాగుతుంది. చార్టు లేబుల్‌లో మామూలుగా అలా దాగదు, కింది వరుసలో శాతం గుర్తు బయటికి తొంగి చూస్తుంది. అమ్మకాల మీద శాతం గుర్తు చూసి బ్యాంకువాళ్లు ఏమనుకుంటారో ఊహించుకోండి. చార్టులకు దీని జోలికి వెళ్లొద్దు.

మీ ప్రశ్నలో లక్షలు, కోట్లు అని రెండూ ఉన్నాయి. అంటే కోటి లోపు నెలల మీద 54.6 ల అనీ, కోటి దాటినవాటి మీద 1.86 కో అనీ రావాలని సేఠ్ కోరిక అనుకుంటాను. మాటల్లో మనం అలాగే చెబుతాం కదా. నిలువు గీత మీద మాత్రం ఇది వద్దు. కింద 50 ల, పైన 1.5 కో అని ఉంటే కన్ను ఎత్తును పోల్చలేదు. బార్ల మీది లేబుల్స్‌కు బాగుంటుంది. దానికి ఫార్మాట్ కోడ్‌ను నమ్ముకోకుండా, పట్టికలో ఒక కొత్త కాలమ్ చేసుకోండి. అమ్మకాలు B కాలమ్‌లో ఉంటే C2 లో ఇది రాసి కిందికి లాగండి.

```
=IF(B2>=10000000, TEXT(B2/10000000,"0.00")&" కో",
 TEXT(B2/100000,"0.0")&" ల")
```

జూన్ ఎదురుగా 54.6 ల, అక్టోబర్ ఎదురుగా 1.86 కో వస్తాయి. ఇవి అంకెలు కావు, అక్షరాలు. కాబట్టి వీటితో చార్టు వేయకూడదు, కూడికలు చేయకూడదు. చార్టు B కాలమ్ మీదే ఉంటుంది. బార్ మీది లేబుల్ మీద కుడి క్లిక్ చేసి Format Data Labels తెరిచి, Value From Cells దగ్గర టిక్ పెట్టండి. ఎక్కడి నుంచి అని అడుగుతుంది, C2 నుంచి చివరి నెల దాకా ఎంచుకోండి. తర్వాత Value దగ్గర టిక్ తీసేయండి, లేకపోతే పాత అంకె, కొత్త మాట రెండూ పక్కపక్కన పడతాయి. ఎంపికలో C1 లోని శీర్షిక పొరపాటున కలిసిందంటే లేబుల్స్ అన్నీ ఒక నెల పక్కకు జరిగి, ఏప్రిల్ బార్ మీద శీర్షిక, మే బార్ మీద ఏప్రిల్ అంకె వస్తాయి. మొదటి బార్ చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ఈ Value From Cells ఎక్సెల్ 2013 నుంచే ఉంది. దుకాణం కంప్యూటర్‌లో అంతకన్నా పాతది ఉంటే లేబుల్స్ కూడా లక్షల్లోనే వదిలేయండి, 186.2 చదవడం ఎవరికీ కష్టం కాదు.

నష్టాలు ఉండే లాభం చార్టుకు ఇదే ఫార్ములా వాడితే, కోటికి మించిన నష్టం కూడా లక్షల్లోనే వస్తుంది, ఎందుకంటే అక్కడ అడిగింది కోటి కన్నా పెద్దదా అని మాత్రమే. `B2>=10000000` స్థానంలో `ABS(B2)>=10000000` రాస్తే సరిపోతుంది.

కొందరికి లక్షల్లోకి కుదించడం ఇష్టం ఉండదు. పూర్తి అంకెనే చూపించాలి, కామాలు మాత్రం మన పద్ధతిలో పడాలి అంటారు. విండోస్ Control Panel లో Region తెరిచి, Additional settings లో Digit grouping ను 12,34,56,789 గా మార్చి ఎక్సెల్ మూసి మళ్లీ తెరిస్తే, మామూలు `#,##0` ఫార్మాట్ ఉన్న ప్రతి అంకే అలా మారుతుంది, చార్టులోనూ. కానీ మారింది మీ కంప్యూటర్, మీ ఫైలు కాదు. అదే ఫైలును ఆ సెట్టింగ్ లేని చోట తెరిస్తే 18,620,000 అనే కనిపిస్తుంది. మీ దగ్గర బాగానే ఉందని పంపిస్తారు, అవతలివాళ్లు మిలియన్లలో చదువుకుంటారు, ఫోన్‌లో ఇద్దరూ ఒకే అంకె గురించి వాదించుకుంటారు. ఎక్కడ తెరిచినా మారకూడదంటే కామాలను కూడా బొమ్మ కామాలుగా పెట్టాలి.

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

ఒక్క ఫార్మాట్‌లో రెండు షరతులకే చోటుంది, రెండింటినీ కోటికీ లక్షకూ ఖర్చుపెట్టేశాం. మైనస్ అంకెలు మూడో ముక్కలోకి పడిపోతాయి కాబట్టి, ఆ సెట్టింగ్ లేని కంప్యూటర్‌లో -2,40,000 మళ్లీ -240,000 అయిపోతుంది. అమ్మకాల చార్టుకు వాడుకోండి, లాభనష్టాల చార్టుకు వద్దు. నా మటుకు నాకు చార్టు గీత మీద ఎనిమిదంకెల వరస అసలే నచ్చదు. చూసేవాళ్లు సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

మీ సేఠ్ గూగుల్ షీట్స్‌లోనో వేరే ప్రోగ్రాంలోనో చూస్తానంటే, అక్కడ మెనూలు వెతుక్కోకుండా పట్టికలో ఇంకో కాలమ్ పెట్టి `=B2/100000` అని రాసి, చార్టును ఆ కాలమ్ మీదే వేయండి. శీర్షికలో "రూ. లక్షల్లో" అని ఉండాలి. మొరటు పద్ధతే గానీ ఎక్కడా మోసం చేయదు. దీనికి Display units ను None లోనే ఉంచండి.

బ్యాంకుకు పంపే ముందు ప్రతి చార్టునూ ఇలా సరిచూడండి. పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకెను కామాలు లేకుండా కాగితం మీద రాయండి, 18620000. కుడి వైపు నుంచి ఐదంకెలు వేలితో మూయండి. బయట 186 మిగిలింది. చార్టులో ఆ బార్ కొస 150కీ 200కీ మధ్య ఉండాలి, దాని మీద 186.2 ఉండాలి. కోట్ల చార్టయితే ఏడు మూయండి, 1 మిగలాలి. పట్టికతో ముందు ఈ పని చేసి ఉంటే 18.62 దగ్గరే దొరికిపోయేది. ఒకే చార్టులో కుడి పక్కన రెండో గీత కూడా ఉంటే, ఉదాహరణకు లాభం, దానికి Display units విడిగా పెట్టాలి. ఎడమ గీతకు పెట్టింది కుడి గీతకు రాదు. ఎడమ గీత లక్షల్లో, కుడి గీత రూపాయల్లో ఉండిపోయిన చార్టులు నేను చాలానే చూశాను.

ఫైలును పీడీఎఫ్ చేసి పంపండి. ఎక్సెల్ ఫైలే అడిగితే ఇవ్వండి గానీ, పీడీఎఫ్ కూడా జత చేయండి. అవతలి కంప్యూటర్‌లో కామాలు ఎలా పడ్డా, మీరు చూపించదలుచుకున్నది అందులో అలాగే ఉంటుంది.